తజిక్‌లో టీబీ కరపత్రం: పర్షియన్ రాసి లిపి మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది చిన్న అనువాద ఆఫీసు. టీబీ మీద రెండు పేజీల ఇంగ్లిష్ కరపత్రాన్ని తజికిస్తాన్ కోసం తజిక్‌లోకి చేసిమ్మని పని వచ్చింది. కొన్ని కాపీలు రష్యాలో పనిచేసే తజిక్ కూలీలకు కూడా పంచుతారట. మా దగ్గర ఇరానీ పర్షియన్ బాగా వచ్చిన అనువాదకుడు ఉన్నారు. ఆయన పర్షియన్‌లో రాస్తే, కన్వర్టర్‌తో సిరిలిక్ లిపిలోకి మార్చేస్తే చాలదా? రష్యన్ మాటలు ఉంచాలా, తీసేయాలా? ఆ లిపి మాలో ఎవరికీ చదవడం రాదు, అదే టెన్షన్.

సమాధానం:

చాలదండీ. అలా చేస్తే టీబీ కరపత్రంలో మొట్టమొదట పాడయ్యేది "టీబీ వ్యాధి" అన్న మాటే. ఎలాగో చెబుతాను, మిగతావన్నీ దాని నుంచే అర్థమవుతాయి.

పర్షియన్‌లో ఒక నామవాచకాన్ని దాని తర్వాతి మాటతో కలపడానికి మధ్యలో "ఇ" లాంటి చిన్న ధ్వని పలుకుతారు. దాన్ని ఇజాఫత్ అంటారు. "తల్లి పాలు" అనాలంటే "పాలు-ఇ-తల్లి" అన్న వరస వస్తుంది. ఇరాన్‌లో వాడే అరబీ లిపిలో ఈ ధ్వనిని చాలా చోట్ల రాయరు, చదివేవాళ్లే వేసుకుంటారు. సిరిలిక్‌లో రాసే తజిక్‌లో మాత్రం దాన్ని తప్పకుండా రాయాలి, మాట చివర అతికించి и అని పెట్టాలి.

ఇప్పుడు మీ కరపత్రానికి వద్దాం. "బేమోర్" అంటే రోగి. "బేమోరీ" అంటే జబ్బు, సిరిలిక్‌లో దాని చివర గీత ఉన్న ӣ వస్తుంది. "సిల్" అంటే టీబీ. "టీబీ జబ్బు" అనాలంటే బేమోరీకి ఇజాఫత్ చేర్చాలి. అప్పుడు ӣ మీది గీత పోయి, రెండు и అక్షరాలు పక్కపక్కన వస్తాయి. "టీబీ రోగి"కి ఒక్క и చాలు.

```
бемори сил    టీబీ రోగి
бемории сил   టీబీ వ్యాధి
```

అరబీ లిపిలో "టీబీ వ్యాధి" అన్న చోట ఇజాఫత్ కనబడదు కాబట్టి కన్వర్టర్‌కు అది తెలియదు. చివరి అక్షరాన్ని ఒక్క и గా మార్చి వదిలేయవచ్చు. అదే జరిగితే వ్యాధి అని రాయాల్సిన ప్రతి చోటా రోగి అని పడుతుంది. "టీబీ వ్యాధి నయమవుతుంది" అన్న వాక్యం "టీబీ రోగి నయమవుతాడు" అయితే పెద్ద నష్టమేమీ లేదు. కానీ అలాంటి కరపత్రాల్లో తప్పకుండా ఉండే "టీబీ వ్యాధి నుంచి జాగ్రత్తగా ఉండండి" అన్న మాట చూడండి.

```
Аз бемории сил эҳтиёт шавед.
Аз бемори сил эҳтиёт шавед.
```

పై వాక్యం జబ్బుతో జాగ్రత్త అంటుంది. కింది వాక్యం టీబీ ఉన్న మనిషితో జాగ్రత్త అంటుంది. వెలివేతకు భయపడి జబ్బును దాచుకునే మనుషులకు ఇచ్చే కాగితం మీద ఇది అచ్చయితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తేడా ఒక్క అక్షరమే. స్పెల్ చెక్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

ఇలాంటిదే అచ్చుల గొడవ ఇంకొకటి. పాత పర్షియన్‌లో వేర్వేరుగా ఉన్న రెండు అచ్చులు ఇరాన్‌లో కలిసిపోయాయి, తజిక్‌లో నేటికీ విడిగానే ఉన్నాయి. ఇరాన్‌లో సింహాన్ని, పాలను ఒకేలా "షీర్" అంటారు, ఒకేలా రాస్తారు. తజిక్‌లో పాలు "షిర్", సింహం "షేర్". పాపాయిల పోషణ మీద రాసిన కాగితాన్ని ఇలాగే కన్వర్టర్‌తో మార్చితే తల్లిపాలు కాస్తా తల్లి సింహం అయ్యే ప్రమాదం ఉంది. మీ టీబీ కాగితంలో ఈ మాట రాకపోవచ్చు, కానీ ఇదే రకం అచ్చు తేడా ఇంకా చాలా మాటల్లో తగులుతుంది.

కాబట్టి మీ పర్షియన్ అనువాదకుడిని తీసేయమని అనను. ఇంగ్లిష్ మూలంలో ఎక్కడ సందిగ్ధత ఉందో పట్టుకోవడానికి ఆయన బాగా పనికొస్తారు. కానీ అసలు అనువాదం మాత్రం తజికిస్తాన్‌లో బడి చదువు చదివిన మనిషి నేరుగా సిరిలిక్‌లో రాయాలి. దుషాంబే వైద్య విశ్వవిద్యాలయంలో చదివే మన విద్యార్థులు గుర్తుకొస్తారేమో. వాళ్ల ద్వారా మనుషుల్ని వెతుక్కోండి, అనువాదం మాత్రం వాళ్లతో చేయించకండి.

ఇక రష్యన్ మాటల సంగతి. తజిక్ 1928 దాకా అరబీ లిపిలో, తర్వాత కొన్నాళ్లు లాటిన్‌లో ఉండి, 1940 ప్రాంతంలో సిరిలిక్‌కు మారింది. సోవియట్ కాలంలో ఆసుపత్రి, పరీక్షలు, సూదులు, ఎక్స్‌రేలు అన్నీ రష్యన్ పేర్లతో ఊళ్లలోకి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక పర్షియన్ మూలం ఉన్న మాటలను పైకి తెచ్చారు, 2009లో రాజభాష మీద కొత్త చట్టం కూడా చేశారు. దాంతో ఒకే వస్తువుకు ఇప్పుడు రెండు పేర్లు నడుస్తున్నాయి. ఇంజెక్షన్‌కు జనం నోట రష్యన్ "ఉకోల్", కాగితం మీద "సూజన్‌దోరు", అంటే సూది మందు. పరీక్షకు జనం "అనాలిజ్" అంటారు, కాగితం "తహ్లీల్" అంటుంది. డాక్టర్‌ని "దుఖ్తూర్" అంటారు, అది రష్యన్ "దోక్తర్" నుంచి వచ్చి తజిక్ ఇంటి మాటైపోయింది. కాగితాల్లో "తబీబ్" కనబడుతుంది, అయితే ఆ మాటకు నాటువైద్యుడు అన్న నీడ కూడా ఉంది. మీ పర్షియన్ అనువాదకుడు రాసే "పెజెష్క్" మాత్రం పల్లెలో ఎవరి నోటా వినబడదు.

"స్వచ్ఛమైన తజిక్ కావాలి" అనే క్లయింట్లు ఉంటారు, "అందరికీ రష్యన్ వచ్చు కదా" అనేవాళ్లూ ఉంటారు. రెండు మాటలూ నమ్మకండి. సోవియట్ కాలంలో చదివిన పెద్దవాళ్లకు రష్యన్ బాగా వస్తుంది. 1990ల తర్వాత పల్లెబడుల్లో చదివిన చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, అంతగా రాదు. నేను పాటించే పద్ధతి ఇది: శరీరం, బాధ, తిండి, రోజు, ఇల్లు, వీటికి పర్షియన్ మూలపు ఇంటి మాటే వాడతాను. దగ్గు "సుల్ఫా", కఫం "బల్ఘమ్", జ్వరం "తబ్", ఊపిరితిత్తులు "షుష్", రక్తం "ఖూన్". వీటికి రష్యన్ పేర్లతో పనే లేదు. ఆసుపత్రిలోని వస్తువులకు, పనులకు మాత్రం అధికారిక తజిక్ మాట రాసి, మొదటిసారి వచ్చిన చోట పక్కన బ్రాకెట్లో జనం వాడే రష్యన్ మాట పెడతాను. మాత్రకు "హబ్" అని రాసి, పక్కన "తబ్లెత్కా" అని ఒక్కసారి పెడితే ఇద్దరికీ తెలుస్తుంది. "రెంట్‌గెన్" లాంటి వాటిని అలాగే ఉంచేస్తాను, దానికి కొత్త మాట వెతకడం చదివేవాడిని తిప్పలు పెట్టడమే. ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆమోదానికి వెళ్లే కాగితమైతే వాళ్లు బ్రాకెట్లు తీసేయమనవచ్చు. అప్పుడు ఏవి తప్పనిసరో ముందే జాబితా ఇచ్చి మాట్లాడుకోండి.

రష్యాలో పంచే కాపీల లెక్క వేరు. అక్కడ మనిషికి ఎదురయ్యే గది తలుపు మీద, చీటీ మీద, రిసెప్షన్‌లో అమ్మాయి నోట అంతా రష్యనే. అక్కడ ఛాతీ ఎక్స్‌రేకు "ఫ్లూరోగ్రాఫియా", టీబీ ఆసుపత్రికి "డిస్పాన్సెర్", డాక్టర్ రాసిచ్చే రిఫరల్ చీటీకి "నప్రవ్లేనియే" లాంటివి రష్యన్‌లో ఎలా రాసి ఉంటాయో అచ్చం అలాగే, రష్యన్ స్పెల్లింగ్‌తోనే పెట్టాలి. బోర్డు మీది అక్షరాలతో కాగితం మీది అక్షరాలు కలవాలి కదా. ఈ కాపీకి విడిగా ఫైలు పెట్టుకోండి, రెండిటినీ ఒకే ఫైల్లో కలపకండి.

తజికిస్తాన్ కాపీలో స్పెల్లింగ్ తజిక్ పద్ధతిలోనే ఉండాలి. 1998లో ц, щ, ы, ь అనే నాలుగు రష్యన్ అక్షరాలను తజిక్ వర్ణమాల నుంచి తీసేశారు. అందుకే రష్యన్ "వక్సీన"లో ఉండే ц తజిక్‌లో с అయింది, అచ్చుల మధ్య అయితే тс అవుతుంది. మీకు లిపి రాకపోయినా ఒక వెతుకులాట చేయవచ్చు. ఫైల్లో ఈ నాలుగు అక్షరాలను వెతకండి:

```
[цщыьЦЩЫЬ]
```

దొరికితే ఆ మాటను పాత స్పెల్లింగ్‌లో రాసి ఉండాలి, లేదా రష్యన్‌ను అలాగే వదిలేసి ఉండాలి. ఏదైనా అడగాల్సిందే. కానీ ь దొరికిందని పక్కనే ఉండే ъ ని కూడా తీసేయకండి, అది తజిక్‌లో ఉంది, ఉండాలి. "బాద్ అజ్ ఖూరోక్" అంటే భోజనం తర్వాత. అందులోని баъд నుంచి ъ పోతే бад అవుతుంది, అంటే చెడ్డ. మన బద్నాంలోని బద్ అదే.

తర్వాతది అక్షరాల కొరత. రష్యన్‌లో లేని ఆరు అక్షరాలు తజిక్‌లో ఉన్నాయి:

```
Ғ ғ   Ӣ ӣ   Қ қ   Ӯ ӯ   Ҳ ҳ   Ҷ ҷ
```

రష్యన్ కీబోర్డు మీద తొందరగా కొట్టేవాళ్లు వీటి బదులు దగ్గరగా ఉన్న రష్యన్ అక్షరం వేసేస్తారు. ఫోన్ మెసేజీల్లో అది మామూలే, ఎవరూ పట్టించుకోరు. కరపత్రంలో అలా చేస్తే ఏమవుతుందో చూడండి. "ప్రతి రోజూ" అన్నదాంట్లో మొదటి మాట ҳар. తోక లేని х వేస్తే అది хар, అంటే గాడిద. టీబీ మందు ప్రతి రోజూ వేసుకోవాలి, అందుకని ఈ మాట ఆ రెండు పేజీల్లో చాలాసార్లు వస్తుంది. నవ్వొచ్చే విషయమే, కానీ గాడిద కనబడిన కాగితం మీద జనానికి నమ్మకం ఏం ఉంటుంది?

ఇంకో చిక్కు, తెలుగువాళ్లం మనకు బాగా తెలిసినదే. మన అను ఫాంట్ల ఫైళ్లు వేరే ఫాంట్‌లో తెరిస్తే ఎలా పిచ్చి అక్షరాలు వస్తాయో, తజిక్‌లోనూ యూనికోడ్ ముందు కాలపు ఫాంట్లు ఉన్నాయి. వాటిలో ఆ ఆరు అక్షరాలను ఇతర స్లావ్ భాషల అక్షరాల స్థానంలో కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో బాగానే కనబడుతుంది, మీ దగ్గర తెరిస్తే దేశం పేరే ఇలా మారుతుంది:

```
Тољикистон    (పాత ఫాంట్)
Тоҷикистон    (యూనికోడ్)
```

ఫైల్లో ї ќ ў њ љ ѓ అక్షరాలు కనబడితే అది పాత ఫాంట్ సరుకు. నేటికీ చాలా పాత కరపత్రాలు ఆ రూపంలోనే ఉన్నాయి, అనువాదకులు వాటి నుంచి పేరాలు తెచ్చి అతికిస్తుంటారు. ఒక్క ў అక్షరం విషయంలో ఎక్కువ జాగ్రత్త పడండి. అది ఉజ్బెక్ అక్షరం కూడా, చిన్న సైజులో తజిక్ ӯ లాగే కనబడుతుంది. పైన ఉన్నది తిన్నని గీతైతే తజిక్, వంపు గుర్తైతే తప్పు. కంటితో చూడకుండా వెతకడం ద్వారానే పట్టుకోండి.

ఇప్పుడు అసలు వాక్యాల్లోకి వెళ్దాం. మీ ఇంగ్లిష్‌లో తప్పకుండా ఉండే మాట: రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. తజిక్‌లో నేను ఇలా రాయిస్తాను:

```
Агар зиёда аз ду ҳафта сулфа дошта бошед,
ба наздиктарин маркази саломатӣ муроҷиат кунед.
```

రెండు సంగతులు చూడండి. క్రియ మన తెలుగులోలాగే చివర ఉంది, కాబట్టి ఇంగ్లిష్ వరసను పట్టుకుని రాసిన అనువాదం ఇట్టే తెలిసిపోతుంది. "ఆరోగ్య కేంద్రం" అన్నదానికి "మర్కజి సలోమతీ" అని రాశాను, ఎందుకంటే తజికిస్తాన్‌లో బోర్డుల మీద ఉండేది అదే. పెద్దవాళ్లు నేటికీ "పోలీక్లినికా" అంటారు, బ్రాకెట్లో పెట్టాల్సిన వాటిలో ఇది ఒకటి.

లక్షణాల పేరాలో పర్షియన్ పండితుడికి కనబడని గుంతలు రెండు. "సన్నబడిపోవడం" అనడానికి తజిక్‌లో సహజంగా వచ్చే మాట "ఖరోబ్ షుదన్". ఇరాన్‌లోనూ, మన తెలంగాణ ఖరాబులోనూ అది పాడవడం. ఇరానీ కంటితో చూసే సమీక్షకుడు దీన్ని తప్పనుకుని కొట్టేస్తాడు, ముందే చెప్పి ఉంచండి. రెండోది, రాత్రిపూట చెమట. చెమటను "అరక్" అంటారు, వోడ్కాను కూడా "అరక్" అంటారు. "షబోనా అరక్ కర్దన్" అంటే రాత్రి చెమట పట్టడమే, అందులో సందేహం లేదు. కానీ కింద "మద్యం తాగకండి" అన్న చోట అదే మాట వాడితే పాఠకుడు ఒకసారి ఆగిపోతాడు. అక్కడ "మష్రూబోతి స్పిర్తీ", అంటే స్పిరిట్ పానీయాలు అని రాయించండి. దాంట్లో బీరు, వైను కూడా కలిసి వస్తాయి, వోడ్కా ఒక్కటే మానితే చాలనుకునే వీలుండదు.

మందుల పేరాలో అన్నిటికంటే ప్రమాదకరమైనది పూటల పేర్లు. మామూలు టీబీకి నడిచే చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు మందులు. అందులో ఉండే రిఫాంపిసిన్ ఖాళీ కడుపున వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది, అందుకని చాలా కరపత్రాలు పొద్దున్నే ఏమీ తినకముందు వేసుకోమంటాయి. ఇరాన్‌లో "నాహార్" అంటే మధ్యాహ్న భోజనం. తజిక్‌లో "నహోరీ" అంటే పొద్దుటి ఫలహారం. హైదరాబాద్‌లో తెల్లవారే తినే నహారీ గుర్తుందా, అదే మాట. ఇరానీ కరపత్రంలో "నాహార్‌కు ముందు" అని ఉన్న మాట లిపి మారి తజిక్‌లోకి వస్తే మందు వేళ మధ్యాహ్నం నుంచి పొద్దుటికి జరుగుతుంది, అటు నుంచి ఇటు వస్తే దానికి ఉల్టా. నేను ఈ మాట జోలికి పోను. "సుబ్హోనా" అని, అంటే ఉదయపు తిండి అని రాసి, పక్కన గడియారం బొమ్మ పెట్టిస్తాను. ఇలాగే "పగోహీ" అంటే పొద్దున, దాని చివరి ӣ పోయి "పగోహ్" అయితే మాటల్లో రేపు అనే అర్థం కూడా వస్తుంది. "సుబ్హ్" అన్నదానికి అలాంటి బాధ లేదు.

అదే రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ ఎరుపు రంగులో వస్తుంది. చాలామంది దాన్ని రక్తమనుకుని మందు మానేస్తారు. ఈ ఒక్క వాక్యానికి పెద్ద అక్షరాలు ఇవ్వమని డిజైనర్‌కు చెప్పండి. మూత్రానికి "పేషోబ్" అన్న మాట మర్యాదగానే ఉంటుంది, అందరికీ తెలుసు. కామెర్ల గురించి చెప్పే చోట జబ్బు పేరు వద్దు, "కళ్లు పసుపు పచ్చగా మారితే" అన్న లక్షణమే రాయించండి. చూసి తెలుసుకోగలిగేది అదే. మందు వేసుకోవడానికి రష్యన్ పద్ధతిని అనుసరించి "స్వీకరించు" అనే క్రియ వాడతారు, ఆఫీసు భాషలో ఇంకా బరువైనది వాడతారు. ఇళ్లలో అనేది "ఖూర్దన్", అంటే తినడం. నేను ఆ మాటే ఉంచుతాను, దాని మర్యాద రూపం "ఖూరేద్". చివరలో "నమోయేద్" అని ముగిసే ఆఫీసు క్రియలు ఎక్కువైతే తగ్గించమనండి, ప్రభుత్వ నోటీసు చదివినట్టు ఉంటుంది.

అంకెల్లో దశాంశం దగ్గర చుక్క కాదు, కామా వేస్తారు: 37,5. ఇంగ్లిష్ ఫైలు నుంచి పట్టికను యథాతథంగా దించితే చుక్కలు మిగిలిపోతాయి.

తనిఖీ ఎలా చేయాలన్నది మీకు ముఖ్యం, ఎందుకంటే మీకు లిపి రాదు. వెనక్కి అనువాదం చేయించండి, కానీ దాన్ని నమ్ముకుని ఊరుకోకండి. గాడిద అని అచ్చయినా వెనక్కి అనువదించే మనిషి మనసులో సరిదిద్దుకుని "ప్రతి రోజూ" అనే రాస్తారు, రోగి అన్న చోట సందర్భాన్ని బట్టి వ్యాధి అనే రాస్తారు. అర్థం సరిగ్గా వచ్చిందా లేదా అన్నదే అది చెబుతుంది, అక్షరం సరిగ్గా ఉందో లేదో చెప్పదు. అందుకని అనువాదం చేయని మరో తజిక్ మనిషికి విడిగా డబ్బు ఇచ్చి, ఒక్కో అక్షరం చదివే పని మాత్రమే అప్పగించండి. "సిల్" ముందు వచ్చే ప్రతి మాటనూ వేలు పెట్టి చూడమని చెప్పండి.

తర్వాత దుషాంబేలో ఒకరు, ఖత్లాన్ పల్లెలో ఒకరు, ఉత్తరాన ఖుజంద్ వైపు ఒకరు, ఇలా కొందరితో ఫోన్‌లో పైకి చదివించండి. యాసలు వేరువేరు, ఉత్తరాన ఉజ్బెక్ మాటల కలగలుపు ఎక్కువ. పామీర్ కొండల వాళ్లకైతే ఇంట్లో షుగ్నీ లాంటి వేరే భాష, తజిక్ బడిలో నేర్చుకున్నదే. "అర్థమైందా" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "మందు ఎప్పుడు వేసుకుంటారు? మూత్రం ఎర్రగా వస్తే ఏం చేస్తారు? ఒంట్లో బాగైంది, ఇంకా నాలుగు నెలల మందు మిగిలి ఉంది, ఏం చేస్తారు?" అని అడిగి, వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. నోరు తడబడిన చోటు, తప్పు జవాబు వచ్చిన చోటు రాసుకుంటే చాలు, మార్చాల్సినవి అవే.

ప్రెస్సుకు పంపేటప్పుడు ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. వాళ్లు హెడ్డింగు కోసం వేరే అలంకారపు ఫాంట్ వాడతామంటే, పైన ఇచ్చిన ఆరు జతల అక్షరాలనూ ఆ ఫాంట్‌లో ప్రింటు తీసి చూపమనండి. చాలా సిరిలిక్ ఫాంట్లలో రష్యన్ అక్షరాలు మాత్రమే ఉంటాయి, లేనివాటి చోట ఖాళీ డబ్బాలో, వేరే ఫాంట్ నుంచి వచ్చిన లావు అక్షరాలో పడతాయి. హెడ్డింగు పెద్ద అక్షరాల్లో ఉంటే Ӣ, Ӯ మీది గీతలు పై లైనుకు తగిలి తెగిపోకుండా లైన్ల మధ్య కాస్త ఎడం పెంచమని కూడా చెప్పండి.